ఉత్తరం మడత

ఆగస్టు పదకొండో తేదీ, సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. నా వెనక వాటాలో అద్దెకుండే అమ్మాయి టైపు చేసిన కాగితం ఒకటి తెచ్చి, నా కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. అమ్మాయి అంటున్నాను గాని ఆమెకు ముప్ఫై ఆరేళ్లు. కారంపూడి పక్క పల్లె నుంచి వచ్చి నరసరావుపేటలో కాపురం పెట్టి పదమూడేళ్లయింది. భర్త ఆటో తోలతాడు. ఆమె మా వీధికి నాలుగు వీధుల అవతల ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా పదకొండేళ్లుగా చేస్తోంది. పదకొండేళ్లూ నిలబడి చేసిన పని. పిక్కల మీద నరాలు నల్లతాళ్లలా లేచి కనపడేవి. రోజూ ఇంటికి రాగానే గోడకు కాళ్లు ఆనించి పడుకునేది.

ఆ ఆసుపత్రి యజమాని ఒక డాక్టరమ్మ. ఆమె దగ్గర ఉత్తరాలు చూసే గుమస్తా పిల్ల కాన్పుకని సత్తెనపల్లి వెళ్లి, ఇక రానని చెప్పింది. ఆ కుర్చీ ఖాళీ. డాక్టరమ్మ బయటివాళ్లను పిలవకుండా ఆసుపత్రిలో పనిచేసే వాళ్లకే ఒక పరీక్ష పెడతానంది. సెప్టెంబరు నాలుగున. టైపు లోయర్ పాసైన వాళ్లు ఇద్దరే తేలారు. ఒకరు రిసెప్షన్‌లో కూర్చునే డిగ్రీ పిల్ల. రెండోది మా ఆయా. ఇంటర్ చదివేటప్పుడు లోయర్ పాసై, సర్టిఫికెట్ పెట్టెలో పడేసింది. ఇన్నేళ్లకు దాన్ని బయటికి తీసింది. ఆమెకు కావలసింది జీతం పెరగడం కాదు, కుర్చీ.

అందుకని పొద్దున్నే ఆరింటి బ్యాచికి మా ఎదురు మేడ మీది టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లేది. సాయంత్రం నా దగ్గర కూర్చునేది. నేను కాలువల ఆఫీసులో ముప్ఫై మూడేళ్లు టైపు చేసి, 2011లో రిటైరయ్యాను. కాబట్టి ఉత్తరాలు నేర్పడానికి నన్ను మించిన వాళ్లు మా వీధిలో లేరని నా నమ్మకం.

ఆ సోమవారం కాగితంలో ఒక డాక్టరుకు రాసినట్టు మాదిరి ఉత్తరం ఉంది. పైన 'డియర్ డాక్టర్' అని, పక్కన ఆయన ఇంటిపేరు, కామా. కింద 'యువర్స్ సిన్సియర్లీ,' అని ఉంది. మేడ మీది మేడమ్ దాని మూలన పచ్చ సిరాతో టిక్కు పెట్టింది.

"ఇది తప్పే," అన్నాను.

"మేడమ్ రైటు కొట్టింది కదా పెద్దమ్మా."

"కొడితే కొట్టింది. నేను నీకేం చెప్పా? పైన 'సర్,' కింద 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ,'. కలెక్టరైనా అంతే, కరెంటాఫీసైనా అంతే. ముప్ఫై మూడేళ్లలో నా ఉత్తరం ఒక్కటీ తిరిగి రాలేదు."

"నిన్న మీరు దిద్దింది ఆమె కొట్టేసింది. ఇయ్యాల ఆమె దిద్దింది మీరు కొట్టేస్తన్నారు. పరీక్షలో నేనెవరి మాట వినాల?" అంది. గొంతులో కోపం లేదు. డ్యూటీకి వేళవుతోందని గడియారం వైపు చూసింది.

అప్పటికి పరీక్షకు ఇరవై నాలుగు రోజులుంది. ఇద్దరు పంతుళ్ల మధ్య ఆ పిల్ల నలిగితే కుర్చీ పోతుంది. ఈ లెక్క తేల్చుకోవాలని పదకొండింటికి నేనే మేడ ఎక్కాను. ఇరవై రెండు మెట్లు. మధ్యలో ఒక్కసారి ఆగాను.

ఆ ఇన్‌స్టిట్యూట్‌లో పదకొండు మిషన్లుంటే ఏడు పనిచేస్తాయి. పక్కగదిలో నాలుగు కంప్యూటర్లు. నడిపే ఆమెకు యాభై ఏళ్లుంటాయి. వాళ్ల నాన్న ఈ చుట్టుపక్కల ఆఫీసుల మిషన్లన్నీ బాగుచేసిన మెకానిక్కు. మా ఆఫీసుకూ వచ్చేవాడు. నూనె డబ్బా, సన్న బ్రష్షు, జేబులో స్క్రూలు. ఆయన పోయాక మిషన్ల బాగూ ఈమే చేస్తుంది, పాఠమూ ఈమే చెబుతుంది. నేను వెళ్లేసరికి ముక్కు మీద కళ్లజోడు, కొంగు నడుముకు చెక్కి, మిషను బోర్లించి రిబ్బను చక్రం విప్పుతోంది.

"రండి అమ్మగారూ. మీరొస్తారని తెలుసు. పిల్ల కాగితం మీద మీ ఎర్రసిరా చూసినప్పుడే అనుకున్నా," అంది చేతులు తుడుచుకుంటూ.

"పిల్ల పరీక్ష దగ్గర పెట్టుకొని ఈ సిన్సియర్లీలు ఏందమ్మా?"

"పేరు పెట్టి పిలిచినోళ్లకి ఫెయిత్‌ఫుల్లీ ఏందండీ? పెళ్లికి పిలిచి, గేటు కాడ కార్డు చూపించమన్నట్టు."

నాకు చురుక్కుమంది. డి.ఓ. ఉత్తరాల్లో సిన్సియర్లీ వాడతారని నాకు తెలియక కాదు. కాని అవి పెద్ద ఆఫీసర్లు ఒకరికొకరు పేరు పెట్టి రాసుకునేవి. వాళ్ల స్టెనోలు కొట్టేవారు, నా మిషను దాకా వచ్చేవి కావు. అదే చెప్పాను.

"ఆ డాక్టరమ్మ పెద్ద ఆఫీసరు కాదా మరి?" అంది.

ఆ మాట అంటూనే బల్ల మీది పిల్లల ఉత్తరం ఒకటి తీసింది. అప్పుడు చేసిన పని నేను ఇంతకుముందు ఎక్కడా చూడలేదు. కాగితాన్ని చీర కుచ్చిళ్లు పెట్టినట్టు మధ్యలోకి మడిచింది. అసలు విషయమంతా మడతలోకి పోయింది. పైన సంబోధన వరుస, దాని కిందే ఆనుకొని ముగింపు వరుస. రెండే మిగిలాయి.

"ఇప్పుడు చదవండి. ఈ రెండూ ఒక మనిషి గొంతేనా?"

చదివాను. 'రెస్పెక్టెడ్ సర్:-' అని పైన ఉంది. 'యువర్స్ లవింగ్లీ' అని కింద ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"బడిలో సెలవు చీటీలు రాసి రాసి వస్తారు. పైన కోలన్ పెట్టి గీత గీస్తారు. అది ఏ పద్ధతిలోనూ లేదు. తప్పని చెబితే వాళ్లకి ఎక్కదు, మధ్యలో ఉన్న మేటర్‌లో కొట్టుకుపోతారు. మడిచి చూపిస్తే వాళ్లే చూసుకుంటారు."

నేను చానా మందిని చూశాను, నేర్పేవాళ్లను. తప్పు కనపడగానే మన చేయి ముందు పోతుంది. ఈమె చేయి పోదు. మడిచి ఎదుట పెట్టి, రిబ్బను పని చూసుకుంటుంది. ఆ పది నిమిషాల్లో ఇద్దరు పిల్లలు కాగితాలు తెచ్చారు. ఇద్దరికీ అదే చేసింది. ఒకడు మడత చూసి తల గోక్కుని, మిషను దగ్గరికి వెనక్కి పోయాడు. రెండో పిల్ల "కింద కామా మర్చిపోయా మేడమ్," అంది. పైన కామా ఉంటే కిందా ఉండాలి, పైన లేకపోతే కిందా ఉండకూడదు. అక్కడ గోడ మీద రాసి పెట్టిన సూత్రం అదొక్కటే. అమెరికా కంపెనీలకు రాసేటప్పుడు మాత్రం పైన కోలన్, కింద కామా అని దాని కింద సన్నటి అక్షరాల్లో ఉంది.

అయినా నేను దిగిరాలేదు. మర్నాడు నా ఫైలు తీసుకెళ్లాను.

ఆ ఫైలు సంగతి చెప్పాలి. ఆఫీసు కాగితాలు ఇంటికి తేకూడదు, నేను తేలేదు. కాని నా సొంత ఉత్తరాలు, అంటే పీఎఫ్ గురించి, ఇంటి పన్ను గురించి, గ్యాసు గురించి రాసినవి, అన్నిటికీ కార్బన్ కాపీ ఉంచుకున్నాను. నలభై ఆరు. ఆఫీసు అలవాటు ప్రకారం ఎవరి ఉత్తరానికి జవాబిచ్చానో ఆ ఉత్తరాన్ని నా కాపీ కింద పెట్టి ట్యాగు వేశాను. నా కాపీ ఒక్కటీ మడత పడలేదు.

మేడమ్ ఒక్కొక్కటి తిప్పింది. కాపీలు మడవకుండా రెండు చేతులు అడ్డుపెట్టి, పైనా కిందా మాత్రమే చూసింది. "సర్, ఫెయిత్‌ఫుల్లీ. కరెక్టు. సర్, ఫెయిత్‌ఫుల్లీ. కరెక్టు. వై పెద్దది, ఎఫ్ చిన్నది. కామాలు రెండూ ఉన్నాయి." ఆమె గొంతులో మర్యాద నిజమైనదే. "అమ్మగారూ, ఇంత శుభ్రంగా కొట్టేవాళ్లు ఇప్పుడు లేరు. మా నాన్న చెబుతుండేవాడు, కాలువల ఆఫీసులో రెండో కిటికీ దగ్గర మిషను ఎప్పుడూ దుమ్ము పట్టదని."

ముప్ఫై మూడో కాగితం దగ్గర ఆగింది.

"పైన మేడమ్, కింద యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ. ఇదీ కరెక్టే. ఎవరికండీ?"

"మా ఆఫీసులో నా పక్క సీటామెకు. పధ్నాలుగేళ్లు పక్కపక్కన కూర్చున్నాం. మాచర్లకు ట్రాన్స్‌ఫరై వెళ్లింది."

మేడమ్ నా వంక చూసింది. ట్యాగు కిందున్న ఉత్తరం తిప్పింది. అది ఆమె నాకు రాసింది. 2003 జూన్ 19 తేదీ. అప్పట్లో మా మిషన్లు ఇంగ్లీషువే, అందుకని ఇంగ్లీషులోనే టైపు చేసింది. పైన 'మై డియర్ అక్కా,' అని ఉంది. ఇక్కడ ఒంటరిగా క్యారేజీ విప్పుకుంటున్నాను, ముద్ద దిగడం లేదు, ఈ నెలాఖరు ఆదివారం ఆరింటి బస్సు ఎక్కి రా, గోంగూర చేస్తాను, అని రాసింది. కింద 'యువర్స్ అఫెక్షనేట్లీ,' అని, దాని కింద సంతకం. హోదా రాయలేదు.

నేనిచ్చిన జవాబు మూడు వరుసలు. మీ 19-6-2003 నాటి లేఖను ఉటంకిస్తూ తెలియజేయడమేమనగా, అర్ధ సంవత్సరపు లెక్కల పని వలన సదరు తేదీన రావడం వీలుపడదు. ఇది మీ సమాచారం నిమిత్తం. సంతకం కింద సీనియర్ అసిస్టెంట్ అని హోదా కూడా ఉంది.

అది కోపంతో రాసింది కాదు. నాకు ఉత్తరమంటే అదే. ఇరవై అయిదు నిమిషాలు కూర్చుని, ఒక్క తప్పు లేకుండా కొట్టి, నా డబ్బుతో స్టాంపు అంటించి పంపాను. ఆమె మళ్లీ రాయలేదు. నా రిటైర్మెంటు రోజు కూడా ఏ కబురూ పంపలేదు. మాచర్ల వెళ్లాక ఆమెకు పొగరెక్కిందని నేను నలుగురితో అన్నాను.

"ఇది మడవనా?" అంది మేడమ్. "మడత పడుద్ది మరి."

మడవమన్నాను.

ఆమె ట్యాగు విప్పి రెండు కాగితాలూ తీసింది. స్నేహితురాలి ఉత్తరాన్ని మడిచి పై వరుస మాత్రం ఉంచింది. నా కాపీని మడిచి కింది వరుస మాత్రం ఉంచింది. ఒకదాని కింద ఒకటి ఆనించి నా ముందు పెట్టింది.

'మై డియర్ అక్కా,'

'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ,'

"మీ కాగితం వరకూ మీరు తప్పు చెయ్యలా," అంది. "పైనా కిందా జత కుదిరిందా అని మన కాగితంలోనే చూసుకుంటే సరిపోదండీ. వాళ్లు మనల్ని ఏమని పిలిచారో చూసి పైన రాయాల. పైన రాసిందాన్ని బట్టి కింద రావాల. మా నాన్నకి ఇంగ్లీషు రాదు. కాని ఆఫీసులో జవాబు ఉత్తరం కొడుతుంటే వచ్చిన ఉత్తరం పక్కన పెట్టుకోమనేవాడు. ఎందుకు నాన్నా అంటే, తలుపు ఎట్టా కొట్టారో విని తియ్యాల అనేవాడు."

ఫైలుకు ట్యాగు వేసుకుని దిగివచ్చాను. దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టలేదు.

ఆ సాయంత్రం మా వెనక వాటా అమ్మాయికి చెప్పాను. "రేపటి నుంచి ఉత్తరాల సంగతి మేడమ్ దగ్గరే నేర్చుకో. స్పీడు, మార్జిన్లు నేను చూస్తా."

"మీరు ఓడిపోయారా పెద్దమ్మా?" అంది కళ్లు పెద్దవి చేసి.

"ఏమే, నోరు మూసుకుని కొట్టు."

ఆ తర్వాతి రోజుల్లో నేనూ మేడ మీదికి వెళ్లి ఒక మూల కూర్చునేదాన్ని. నేర్చుకోవడానికని ఒప్పుకోలేదు. కంప్యూటర్ గదిలో ఫ్యాను గాలి బాగా వస్తుందని చెప్పాను. ఆ మేడమ్ మా అమ్మాయికి సూత్రాలు బట్టీ పట్టించలేదు. మనుషుల్ని ఇచ్చింది. "నీ ఆసుపత్రికి ఆక్సిజన్ సిలిండర్లు పంపే కంపెనీ. అక్కడ ఎవరున్నారో తెలీదు. ఎట్టా పిలుస్తావు?" "డియర్ సర్ ఆర్ మేడమ్." "అయితే కింద?" "ఫెయిత్‌ఫుల్లీ." "అదే కంపెనీ మేనేజరు నిన్న పేరు రాసి ఉత్తరం పంపాడు?" "డియర్ మిస్టర్ ఫలానా. సిన్సియర్లీ." "మీ అత్తకి?"

"మా అత్తకి ఉత్తరమెందుకు మేడమ్, వీధి చివర నుంచే వినపడుద్ది," అంది మా అమ్మాయి. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయి గదంతా నవ్వింది.

పాత గుమస్తా వెళ్లేముందు డాక్టరమ్మ చేత తిట్లు తిన్నదని, ఎందుకో కూడా అప్పుడే తెలిసింది. గుంటూరులో డాక్టరమ్మతో కలిసి చదువుకున్న సర్జను ఒకాయన ఉన్నాడట. ఒక రోగిని పంపుతూ రాసిన ఉత్తరం చివర గుమస్తా 'యువర్స్ ఒబీడియంట్లీ' అని పెట్టింది. బడిలో హెడ్మాస్టరుకు రాసే మాట అది. డాక్టరమ్మ చూడకుండా సంతకం చేసింది. ఆ సర్జను ఫోను చేసి, ఎప్పుడు చేరుతున్నావు నా దగ్గర నౌకరీకి అని అడిగాడట. అందుకే ఈసారి పరీక్ష అన్నారు.

సెప్టెంబరు నాలుగు, గురువారం, మధ్యాహ్నం రెండున్నరకు పరీక్ష. నేను వెళ్లలేదు, వెళ్లడానికి నాకేం పని. ఆ రోజు జరిగింది మా అమ్మాయి చెప్పగా విన్నది. తర్వాత డాక్టరమ్మ నోటా విన్నాను, బీపీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు. ఇద్దరూ చెప్పింది సరిపోయింది కాబట్టి రాస్తున్నాను.

మూడు ఉత్తరాలిచ్చారు. మధ్యలో విషయం డాక్టరమ్మే రాసి ఇచ్చింది. పైనా కిందా ఖాళీ. గంట సమయం. ఒకటి బీమా కంపెనీకి. రెండోది ఆ గుంటూరు సర్జనుకే. మూడోది ఆసుపత్రి హెడ్ నర్సుకు. ఆ నర్సు నాలుగు మంచాల క్లినిక్కుగా ఉన్న రోజు నుంచి డాక్టరమ్మ దగ్గర పనిచేసి, ఆ నెలలో మానుకుంటోంది. ఆమెకు వీడ్కోలు ఉత్తరం.

రిసెప్షన్ పిల్ల ముప్పావు గంటలో ముగించింది. మూడిటికీ 'రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్', కింద 'థ్యాంకింగ్ యూ, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ'. ఆ పిల్లను నేను తప్పు పట్టను. ఆగస్టు పదకొండు దాకా నేను నేర్పిందీ ఇంచుమించు అదే.

మా అమ్మాయి మొదటి రెండూ మేడమ్ చెప్పినట్టు చేసింది. బీమా వాళ్లకు ఫెయిత్‌ఫుల్లీ. సర్జనుకు పేరుతో పిలుపు, సిన్సియర్లీ. రెంటికీ పైనా కిందా కామాలు. మూడోదాని దగ్గర చేతులు మిషను మీద నుంచి తీసి కూర్చుంది. పదమూడు నిమిషాలు మిగిలాయి.

"ఏం, అయిపోయిందా?" అందట డాక్టరమ్మ.

"లేదమ్మా. ఒకటి అడగాల. ఈమెను మీరు ఏమని పిలుస్తారు?"

"అదేం ప్రశ్న? సిస్టర్ అంటాను. నువ్వు రోజూ వినట్లా?"

"అది మా ముందు. మేమెవ్వరం లేనప్పుడు?"

రిసెప్షన్ పిల్ల తలెత్తి చూసిందట. పరీక్షలో ఎదురు ప్రశ్న వేస్తే కుర్చీ పోయినట్టేనని మా అమ్మాయికి అప్పుడు గుర్తొచ్చిందట. డాక్టరమ్మ పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చుంది.

"అక్కా అంటాను," అంది. "నాకు మొదటి ఆపరేషన్ల రోజుల్లో చేతులు వణుకుతుంటే పక్కన నిలబడింది ఆమే. అప్పటి నుంచి."

మా అమ్మాయి 'డియర్ అక్కా,' అని కొట్టింది. కింద 'విత్ లవ్ అండ్ గ్రాటిట్యూడ్,' అని కొట్టి, సంతకానికి చోటు వదిలింది. మిగతా రెండు ఉత్తరాల్లో సంతకం కింద ఎం.డి., డైరెక్టరు అని హోదాలన్నీ పెట్టింది. దీని కింద ఏమీ పెట్టలేదు. నాలుగు నిమిషాలు మిగిలాయి.

డాక్టరమ్మ ఆ కాగితం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, పరీక్ష కాగితమని కూడా చూడకుండా సంతకం పెట్టేసింది. ఆ కాగితమే నర్సుకు వెళ్లింది. సోమవారం నుంచి కుర్చీ మా అమ్మాయిది.

పరీక్ష రోజు సాయంత్రమే స్వీట్ల పొట్లంతో ముందు మేడ ఎక్కి, తర్వాత నా దగ్గరకొచ్చింది. "ఆ ప్రశ్న అడగమని మేడమ్ చెప్పిందా?" అని అడిగాను.

"లేదు పెద్దమ్మా. మీ మాచర్ల ఉత్తరం మడత రోజూ గుర్తొస్తా ఉంది. అందుకే అడిగా."

అది తనకెలా తెలుసని అడగలేదు. మేడ మీద ఏడు మిషన్లు ఆగి ఉన్నప్పుడు అన్నీ వినపడతాయి, విన్నవాళ్లు ఊరుకోరు.

రెండు రోజుల తర్వాత, ఆరో తేదీ, శనివారం, నేను మేడ ఎక్కి ఒక మిషను అడిగాను. ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరానికి ఇంగ్లీషులోనే జవాబివ్వాలి కదా. మేడమ్ రెండో కిటికీ దగ్గర మిషను ఇచ్చింది. కావాలని ఇచ్చిందో లేదో తెలియదు. వేళ్లు గట్టిపడ్డాయి. మూడు కాగితాలు పాడుచేశాను. మొదటి దానిలో అలవాటు కొద్దీ 'మేడమ్,' పడింది. రెండో దానిలో సంతకం కింద రిటైర్డు సీనియర్ అసిస్టెంట్ అని వచ్చేసింది. మూడోది మధ్యలోనే చింపేశాను. నాలుగోది 'మై డియర్ చెల్లీ,' అని మొదలుపెట్టి 'యువర్స్ అఫెక్షనేట్లీ,' అని ముగించాను. మధ్యలో, నీ 2003 జూన్ 19 ఉత్తరానికి జవాబు, అప్పుడు ఇచ్చింది జవాబు కాదు, అని ఉంది. పెన్షనర్ల దగ్గర వాకబు చేస్తే ఆమె మాచర్లలోనే ఇల్లు కట్టుకుని ఉందని తెలిసింది.

మేడమ్ దాన్ని మడవలేదు. చేతులు అడ్డుపెట్టి పైనా కిందా చూసి, "పోస్టు చేయండి," అంది.

పదిహేడో తేదీ, బుధవారం, జవాబు వచ్చింది. చేతిరాత, ఇంగ్లీషు. పైన 'మేడమ్,' అని ఉంది. మీ ఆరో తేదీ లేఖ అందినది, ఇరవై రెండేళ్ల ఆలస్యమునకు సంజాయిషీ కోరడమైనది, ఇరవై ఎనిమిదో తేదీ ఆదివారం స్వయంగా హాజరై సమర్పించవలెను, గోంగూర సిద్ధంగా ఉంచబడును, అని రాసింది. కింద 'యువర్స్ అఫెక్షనేట్లీ,' అని ఉంది.

ఆ కాగితం పట్టుకుని మేడ ఎక్కాను. మేడమ్ నా చేతిలోంచి తీసుకుని, ఈసారి మడిచింది. పైన 'మేడమ్,' కింద 'అఫెక్షనేట్లీ,'.

"తప్పండీ," అంది. "పరీక్షలో అయితే మార్కులు కోస్తారు."

"దిద్దుతావా?"

"నేను దిద్దను అమ్మగారూ. మీరే ఆదివారం పోయి దిద్దుకోండి," అని మడత విప్పి, వేలితో నున్నగా చేసి నా చేతికిచ్చింది. మళ్లీ రిబ్బను చక్రం దగ్గరికి పోయింది.

నా జన్మలో చానా మంది పై అధికారుల కింద పనిచేశాను. సంతకాలు చూశాను, ముద్రలు చూశాను. ఒక కాగితాన్ని రెండు మడతలు పెట్టి మనిషికి మనిషిని చూపించగలిగింది ఈమె ఒక్కతే. ఆ మేడ మీద బోర్డు రంగు వెలిసి అక్షరాలు సగమే కనపడతాయి. మొన్న మా అమ్మాయి కొత్త సీటులో కూర్చుని, బోర్డు వేయించుకోమని ఆమెకు ఉత్తరం రాసింది. పైన 'డియర్ మేడమ్,' అని ఉంది. కింద ఏం పెట్టాలో తెలియక మూడు రోజులు ఆలోచించానని చెప్పింది. ఏం పెట్టావని అడిగితే చెప్పలేదు.

ఇరవై ఎనిమిదిన ఆరింటి బస్సు ఎక్కాను. బస్సులో కూర్చుని, కారంపూడి దాటేలోపు లెక్క వేశాను. పోయినవి ఇవి.

2003 జూన్ 29 నుంచి 2025 సెప్టెంబరు 21 దాకా ఆదివారాలు, వెయ్యి నూట అరవై ఒకటి.

పాడైన టైపు కాగితాలు, మూడు.

మడత పడని ఫైలు కాపీ, ఒకటి.

ఆమె నాకు రాయకుండా మానుకున్న ఉత్తరాలు. ఎన్నో ఆమెను అడగాలి.

చెల్లిని పొగరుబోతని నలుగురితో అన్న మాట పోలేదు. అది అలాగే ఉంది.